రెండు స్తంభాల మధ్య పదమూడు నిమిషాలు

దోర్నాల నుంచి మార్కాపురం వచ్చే రోడ్డు మీద ఆ రెండు ఇనుప స్తంభాలు నిలబెట్టినప్పుడు వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శ్రీశైలం పోయే కార్లు ఎక్కువయ్యాయి, ప్రమాదాలు ఎక్కువయ్యాయి, అందుకని ఏవో కెమెరాలు పెట్టారనుకున్నాం. మామూలు కెమెరా అయితే దాని ముందు బ్రేకు వేసి, దాటగానే మళ్లీ తొక్కవచ్చు. మా వైపు డ్రైవర్లకు ఆ విద్య బాగా తెలుసు. ఈ రెండూ అట్లాంటివి కావని చలానాలు రావడం మొదలయ్యాక గాని తెలియలేదు.

అవి రాగానే నా దుకాణానికి గిరాకీ పెరిగింది. బస్టాండు దగ్గర నాకొక చిన్న జిరాక్స్, నెట్ సెంటరు ఉంది. చలానా కట్టాలన్నా, దాని మీద ఏం రాసుందో చదివించుకోవాలన్నా డ్రైవర్లు నా దగ్గరికే వస్తారు. నేను చదివింది పదో తరగతి, అదీ లెక్కల్లో తప్పాను. ఆ తరువాత చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం షట్టరు దించి అక్కడికి పోయి కూర్చుంటే, ఫ్యాన్ ఆపేసి లేపేదాకా లేచేవాణ్ణి కాను. ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, పరీక్ష రాయాల్సిన అవసరం లేకుండా చదివినవాళ్లు మార్కాపురంలో నేనొక్కణ్ణేనని నా నమ్మకం.

కాబట్టి చలానా చేతిలో పెట్టి, "ఏందన్నా ఇది, నేను అంత స్పీడు పోలా" అన్న ప్రతివాడికీ ఓపికగా చెప్పేవాణ్ణి. మొదటి స్తంభం బండి నంబరునీ టైమునీ రాసుకుంటుంది. రెండో స్తంభం కూడా అంతే. మధ్యలో నువ్వు ఏం చేశావో వాటికి తెలియదు, అక్కర్లేదు. రెండు స్తంభాల మధ్య కొలిచిన దూరాన్ని నీకు పట్టిన సమయంతో భాగిస్తారు. వచ్చింది నీ సగటు వేగం.

"అంటే మధ్యలో నూట ఇరవై కొట్టి, యాడన్నా ఆగి టీ తాగితే?" అని అడిగాడొక కారు డ్రైవరు.

"అవి పట్టుకోలేవు," అన్నాను.

అతను సంతోషంగా వెళ్లిపోయాడు. ఇట్లాంటివాళ్ల పుణ్యమా అని రెండో స్తంభానికి కాస్త ముందు ఒక టీ హోటలు వెలిసింది. యాత్రికుల కార్లు రివ్వున వచ్చి అక్కడ ఆగేవి. లోపలున్నవాళ్లు టీ తాగుతూ ఫోన్లో టైము చూసుకునేవారు. ఆ హోటలాయనకు స్తంభాలు పెట్టినవాళ్లతో ఏదో లాలూచీ ఉందని మా డ్రైవర్లలో సగంమంది ఇప్పటికీ అనుమానిస్తారు.

మా బామ్మర్దికి, అంటే నా భార్య తమ్ముడికి, మొదటి చలానా వచ్చింది అప్పుడే.

అతను పాల ట్రాలీ తోలేవాడు. దోర్నాల వైపు ఊళ్లలో తెల్లవారుజామున పాల క్యాన్లు ఎక్కించుకుని మార్కాపురం పాల కేంద్రానికి చేర్చడం పని. బండి కేంద్రం నడిపే ఆయనది. ఆ యజమాని ఎవర్నీ నమ్మే మనిషి కాదు. పాలలో నీళ్లున్నాయా అని రోజూ అనుమానపడీ పడీ ఆ చూపు మనుషుల మీదికి కూడా పాకిందని మా ఆవిడ అనేది. బామ్మర్ది చలానా పట్టుకుని వచ్చి నా బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు.

"చూడు బావా. రోడ్డు మీద బోర్డు ఏమంటాది? మా బండికి అరవై. నేను ఎంత పోయినానంట? అరవై. మరి తప్పేంది?"

చదివాను. దూరం పన్నెండు కిలోమీటర్లు. పట్టిన సమయం పన్నెండు నిమిషాలు. సగటు అరవై. నిజమే. కానీ ఆ పక్కన 'అనుమతించిన సగటు యాభై ఐదు' అని ఉంది.

నాకు కూడా అర్థం కాలేదు. పన్నెండు కిలోమీటర్లను అరవైతో పోతే పన్నెండు నిమిషాలే. అంతకంటే ముందు రాకూడదు, సరే. పన్నెండుకు వస్తే తప్పేమిటి? స్తంభాల గడియారాల్లో తేడా ఉందేమోనని మొదట అనుమానించాను. కానీ అవి ఉపగ్రహం నుంచి వచ్చే సమయంతో నడుస్తాయని చదివాను. వాటిలో తేడా రాదు. రెండు రోజులు ఆ యాభై ఐదు నా బుర్రలో తిరిగింది. మూడో రోజు సాయంత్రం గ్రంథాలయంలో కిటికీ పక్కన కూర్చుని, ఆ రోడ్డును మనసులో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచాను. మధ్యలో ఊరు తగిలింది.

ఊరు! కొండ చుట్టూ తిరిగే రోడ్డు ఆ ఊరి మధ్యలో నుంచి రెండు కిలోమీటర్లు పోతుంది. ఊరి మొదట్లో నలభై బోర్డు ఉంది, ఊరి చివర మళ్లీ అరవై. అంటే పది కిలోమీటర్లకు పది నిమిషాలు. ఊళ్లో రెండు కిలోమీటర్లు నలభైతో పోతే మూడు నిమిషాలు. మొత్తం పదమూడు. చట్టం తప్పకుండా ఆ దూరాన్ని అంతకంటే త్వరగా దాటడం ఎవరివల్లా కాదు. పన్నెండు కిలోమీటర్లను పదమూడు నిమిషాలతో భాగిస్తే గంటకు యాభై ఐదు. పక్కనున్న పెద్దాయన పేపరు దించి చూసేంత గట్టిగా బల్ల మీద చరిచాను.

బామ్మర్దికి చెప్పాను. "ఊళ్లో కూడా అరవైతో పోయినావు గదా?"

"తెల్లారుజామున ఊళ్లో కుక్క గూడ ఉండదు బావా."

"కుక్క లేకపోయినా బోర్డు ఉంది. పదమూడు నిమిషాలు గుర్తుపెట్టుకో. ఆ ఊరే నీకు టైము తింటాది."

"ఓహో. ఊరే తింటాదా," అన్నాడు. ఏదో అర్థమైనట్టు తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

రెండు వారాలు తిరక్కముందే రెండో చలానా వచ్చింది. ఈసారి పదకొండు నిమిషాలు. సగటు అరవై ఐదు.

ఆ రోజు అతనితో యజమాని కూడా నా దుకాణానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఏమయ్యా, నువ్వు సదువుకున్నోడివంట గదా. సెప్పు. ఈడు బండి పిచ్చిగా తోల్తాండాడా లేదా?"

"నేను అరవై దాటలేదన్నా," అన్నాడు బామ్మర్ది. "స్పీడు ముల్లు సూస్తానే ఉంటా. అమ్మ మీద ఒట్టు."

"కెమెరా ఎవరి మీద ఒట్టేసింది మరి?" అన్నాడు యజమాని. "రెండైనాయి. మూడోది వచ్చిందంటే తాళం ఆడ పెట్టి పో. నాకు ఇంకో డ్రైవరు దొరుకుతాడు."

ఆయన వెళ్లాక బామ్మర్ది ముఖం చూశాను. దబాయించే మనిషి, చలానాను మడత మీద మడత పెడుతున్నాడు. మార్కాపురంలో ఇట్లా యజమాని తాళం లాక్కున్న డ్రైవరును ఇంకొకరు తీసుకోరు. ఎందుకు తీశారని అడుగుతారు, స్పీడు అంటారు, అంతే. వాళ్లింట్లో ఇద్దరు పిల్లలు, చేలో పని చేయలేని నాయన.

అయినా నాకు అతని మీద అనుమానం పోలేదు. స్పీడోమీటరు గురించి కూడా చదివాను. ఉన్న వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది గాని తక్కువ చూపించేట్టు చేయరు. కాబట్టి ముల్లు అరవై దాటకపోతే బండి అరవై దాటనట్టే. దాటకుండా పదకొండు నిమిషాల్లో రావడం కుదరదు. లెక్క అబద్ధమాడదు. గడియారం అబద్ధమాడదు. ఇక మిగిలింది ఒక్కడు.

"వాడు అబద్ధమాడడు," అంది మా ఆవిడ అన్నం వడ్డిస్తూ. "నీ లెక్కే ఏదో తప్పు. నువ్వు లెక్కల్లోనే గదా తప్పింది?"

"అది ఇరవై ఏళ్ల కిందట."

"అప్పటి లెక్కలు, ఇప్పటి లెక్కలు యేరేనా?"

మరుసటి రోజు నేనూ ట్రాలీలో వస్తానని బామ్మర్దితో చెప్పాను. అతను ఉలిక్కిపడ్డాడు. "నువ్వెందుకు బావా, నిద్ర పాడుచేసుకోని? క్యాబిన్లో పాల కంపు," అన్నాడు. అంతగా వద్దంటున్నాడంటే తప్పకుండా వెళ్లాలని అనుకున్నాను.

తెల్లవారుతుండగా దోర్నాల వైపు క్యాన్లన్నీ ఎక్కించుకుని తిరిగి బయలుదేరాం. మొదటి స్తంభం కింద దాటగానే నా ఫోన్లో టైము పెట్టాను. బామ్మర్ది పెళ్లికొడుకు కారు తోలినట్టు తోలుతున్నాడు. యాభై ఎనిమిది. యాభై ఏడు. ముల్లు వైపు నేను చూడ్డం, నా వైపు అతను చూడ్డం. ఒకచోట ఎడమ వైపు ఒక మట్టిదారి చీలింది. దాని దగ్గర అతని చేయి గేరు మీదికి పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. అది నేను చూశాను.

అప్పుడే అద్దం కింద పెట్టుకున్న అతని ఫోను మోగింది. తెర మీద 'చర్చి కాడ అక్క' అని ఉంది. అతను కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

"ఎవురబ్బా?"

"ఎవురో. రాంగ్ నంబరు."

"రాంగ్ నంబరుకు పేరు పెట్టి దాచుకున్యావా?"

మూడోసారి మోగినప్పుడు అతనికంటే ముందు నా వేలు పోయింది. స్పీకరు నొక్కాను. తెల్లవారుజామున ఒక ఆడమనిషి గొంతు వింటే మా ఆవిడ అడగబోయే ప్రశ్నలన్నీ నాకు అక్కడే వినబడ్డాయి. కానీ వచ్చింది వయసు మళ్లిన గొంతు, అదీ చిరాగ్గా.

"ఏమబ్బయ్యా, ఈ పొద్దు ఇట్ల రావా? ఆరుమందిమి సద్ది కట్టుకోని నిలబడుండాం. మిరపకాయల కాడ మేస్త్రీ తిడతాడు. యాడుండావు? పండుకున్యావా?"

బామ్మర్ది గొంతు తగ్గించి, "బావ వచ్చినాడక్కా, ఈ పొద్దు రాలేను," అన్నాడు.

"వస్తే ఏంది? బావను ఎనక ఎక్కించి, మమ్మల్ని ముందర కూసోబెట్టు," అందావిడ. వెనకనుంచి నలుగురైదుగురు నవ్వడం వినబడింది. ఫోను పెట్టేసింది.

ఊళ్లోకి వచ్చాం. బామ్మర్ది నలభై కంటే తగ్గించాడు. నేనేమీ అడగలేదు. కొన్నిసార్లు అడక్కుండా ఉంటేనే మనుషులు చెబుతారు. ఊరు దాటినాక చెప్పాడు.

"నువ్వే గదా బావా చెప్పింది, ఊరే టైము తింటాదని. ఊరు లేకుండా పోదామనుకున్నా. ఆ మట్టిదారి కొండకు ఈ పక్కనుంచి పోతాది. పల్లె మీదుగా పోయి మళ్లీ ఇదే రోడ్డులో కలుస్తాది. గుంతలు. ముప్పై గూడ పోలేం. స్పీడే లేదు గదా, ఇంక ఏం పడతాదని..."

"ఆ ఆడోళ్లు?"

"ఆ పల్లె ఆడోళ్లు. కూలికి పోతారు. చర్చి కాడనుంచి రోడ్డు మీదికి నడిచి వచ్చి ఆటో ఎక్కాల. ఒకరోజు చెయ్యెత్తినారు, ఎక్కించుకున్యా. ఇంక రోజూ నిలబడుకుంటా ఉండారు. క్యాన్ల మధ్యన కూసుంటారు. నేను దుడ్లు తీసుకోను బావా."

నేను ఆ చివరి మాటలు సరిగా వినలేదు. నా బుర్ర ఇంకో చోట పని చేస్తోంది. "ఆ దారి ఎంత పొడుగు?"

"రెండు కిలోమీటర్లు ఉంటాదేమో."

"ఇటు రోడ్డు మీద అంత దూరానికి?"

"ఆరు. కొండ చుట్టూ తిరగాల గదా."

రెండో స్తంభం దాటాం. పద్నాలుగు నిమిషాలు పట్టింది. కానీ ఫోన్లో ఆ అంకె చూసినా నా ధ్యాస దాని మీద లేదు. పన్నెండులో ఆరు తీసేసి రెండు కలిపితే ఎనిమిది. అతను నడిపింది ఎనిమిది కిలోమీటర్లు. స్తంభాలకు ఆ సంగతి తెలియదు. వాటికి తెలిసిన దూరం పన్నెండు. ఎనిమిది నడిచినా అవి పన్నెండుతోనే లెక్కేస్తాయి. తారు మీద ఆరు కిలోమీటర్లకు ఆరు నిమిషాల పైన, మట్టిదారికి నాలుగు, ఆడవాళ్లు ఎక్కేందుకు కొంచెం. పదకొండు. గట్టిగా నలభై ఐదు కూడా లేని సగటును అవి అరవై ఐదు చేశాయి. ఆడవాళ్లు ఎక్కడం ఆలస్యమైన రోజుల్లో పదమూడు దాటి ఉంటుంది, అందుకే రోజూ చలానా రాలేదు.

"నువ్వు అబద్ధమాడలేదురా," అన్నాను.

"నేను మొన్నే చెప్పినా గదా!"

"కెమెరా గూడ అబద్ధమాడలేదు."

"మరి ఎవురాడినారు?"

చెప్పాను. దూరం కొలిచేటప్పుడు బండి పోగలిగిన దారులన్నింటిలో పొట్టిదాన్ని కొలవాలి. అప్పుడే ఏ దారిన వచ్చినవాడికీ అన్యాయం జరగదు. ఆ కొలిచినవాళ్లకు ఈ మట్టిదారి కనబడలేదో, కనబడినా అటు ఏ బండీ పోదనుకున్నారో. అతను రోడ్డు పక్కన బండి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టి, చాలాసేపు విన్నాడు. చివరికి, "అంటే మెల్లగా పోయినందుకు ఏసినారా బావా?" అన్నాడు.

"దగ్గరి దారిన పోయినందుకు."

"ఈ మాట ఓనరన్నకు చెబితే నమ్ముతాడా?"

అసలు చిక్కు అక్కడే ఉంది. అతను స్పీడు పోలేదని నిరూపించాలంటే మట్టిదారిన పోయాడని చెప్పాలి. పాల క్యాన్లతో ఆ గుంతల్లో ఎందుకు పోయావంటే ఆడవాళ్ల సంగతి బయటపడుతుంది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం అరవై ఐదుతో పోవడం కంటే పెద్ద తప్పు. బండి బోల్తా పడిందంటే యజమాని కూడా కోర్టు మెట్లెక్కాల్సిందే. చెప్తే ఒక విధంగా తాళం పోతుంది, చెప్పకపోతే మరో విధంగా.

ఆ మధ్యాహ్నమే పాల కేంద్రానికి పోయాం. నేను కాగితం మీద గీసి, రోడ్డు, కొండ, మట్టిదారి, రెండు స్తంభాలు అన్నీ చూపించాను. ఆడవాళ్ల మాట ఎత్తలేదు. యజమాని కాగితం వైపు కాకుండా నా ముఖం వైపే చూశాడు.

"బాగా గీసినావు. బామ్మర్ది గదా," అన్నాడు.

"లెక్కకు బామ్మర్ది ఎవురన్నా?"

"అదే నేనూ అడిగేది. సరే, పాల బండి గుంతల్లో ఎందుకు పోయింది? క్యాన్లు తొణికి పాలు పోతే ఎవురిది? ఆ దారిలో ఏం ఉండాది ఈనికి?"

నాకంటే ముందు బామ్మర్దే చెప్పేశాడు. ఆరుమంది ఆడవాళ్లు, చర్చి, మిరప కోతలు, అన్నీ చెప్పాడు. దుడ్లు తీసుకోలేదన్న మాట రెండుసార్లు చెప్పాడు. యజమాని ఆ మాట ఒక్కసారి కూడా నమ్మలేదని ఆయన కనుబొమలే చెప్పాయి.

"రేపు నేను తోల్తా," అన్నాడు. "నువ్వు మధ్యలో కూసో. నువ్వు," అని నా వైపు తిరిగి, "డోరు కాడ. నీ లెక్క నా కండ్లతో చూస్తా. తప్పయిందంటే రేపే తాళం నా కాడ ఉంటాది, మూడోది వచ్చేదాకా ఆగేది లేదు."

మరుసటి తెల్లవారుజామున ముగ్గురం ఆ క్యాబిన్లో ఇరుక్కున్నాం. యజమాని చాలా ఏళ్ల తరువాత ట్రాలీ తోలుతున్నాడట, కానీ బాగానే తోలాడు. మొదటి స్తంభం దగ్గర తన ఫోన్లో టైము మొదలుపెట్టాడు. నా ఫోను జేబులో పెట్టించాడు. బండి తిరిగిన దూరం చూపించే మీటరును సున్నా చేశాడు. ముల్లు అరవైకి దగ్గరగా వచ్చినప్పుడల్లా పాదం తీసేవాడు. మట్టిదారి దగ్గర తిప్పాడు. క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడుకు ఒక్కో గుంతకు ఒక్కో తిట్టు తిట్టాడు.

చర్చి దగ్గర ఆరుగురూ నిలబడి ఉన్నారు. బండి ఆగగానే ఇద్దరు వెనక్కు నడిచారు ఎక్కడానికి. యజమాని టైము ఆపి, కిందికి దిగాడు.

"ఎవురు మీరు? ఇది పాల బండి. మనుషుల బండి కాదు."

ముందు నిలబడిన పెద్దావిడ, ఫోనులో విన్న గొంతే, బామ్మర్ది వైపు చూసి, "ఎవురబ్బయ్యా ఈయన? కొత్త డ్రైవరా?" అంది.

"ఓనరక్కా," అన్నాడు బామ్మర్ది, నేల చూస్తూ.

"ఓ, ఓనరా!" అందావిడ. కొంగు సర్దుకుంది గాని వెనక్కి తగ్గలేదు. "మంచిదయినాదిలే నాయనా. నిన్నే చూడాలనుకుంటా ఉండాం. మా పల్లెలో పది పదిహేను బర్రెలు ఉండాయి. పాలు పొయ్యాలంటే రోడ్డు దాకా మోసుకోని పోవాల. మీ బండి రోజూ మా ఇంటి ముందరనుంచే పోతాది, ఒక్క చెంబు పోయించుకోదు. ఈ అబ్బయ్యను అడిగితే, మా అన్న ఒప్పుకోడు అంటాడు. ఎందుకొప్పుకోవు?"

"నాకెవురు చెప్పినారు బర్రెలున్నాయని?"

"ఇప్పుడు చెప్పినా గదా."

ఆయన అనుమానంగా పల్లె వైపు చూశాడు. నిజంగానే ఒక పాకలో బర్రె అరిచింది. "పాలు చిక్కగా ఉంటాయా? నీళ్లు కలుపుతారా?"

"మా కాడ నీళ్లు యాడుండాయి నాయనా కలపడానికి? తాగడానికే ట్యాంకరు రావాల," అందావిడ. పక్కనున్నవాళ్లు నవ్వారు. యజమాని నవ్వలేదు, కానీ ముఖంలో బిగువు కాస్త సడలింది.

"పాలు పోయించుకుంటా. కానీ బండిలో ఎవురూ ఎక్కకూడదు. పడితే నా మెడకు."

"మరి మేం కూలికి ఎట్ల పోవాల?"

"అది నన్నడగకండి."

"ఎవుర్ని అడగాల? పాలు మావి కావాల, మనుషులు వద్దా?"

ఇట్లా చాలాసేపు సాగింది. నేను డోరు దగ్గర నిలబడి, స్తంభాల లెక్క కంటే ఈ లెక్క ఎంత కష్టమో చూస్తున్నాను. చివరికి యజమాని ఫోను తీసి ఎవరికో చేశాడు. దోర్నాల నుంచి సీట్లు ఖాళీగా వచ్చే ఆటో ఒకటుందట, తన పిన్నమ్మ కొడుకుదట. రేపటినుంచి చర్చి దాకా రమ్మంటానన్నాడు. "చార్జీ వానికి ఇయ్యాల, మళ్లీ నన్ను అనొద్దు," అన్నాడు. పెద్దావిడ ఆటో వచ్చినాకే పాలు పోస్తామంది. ఒకరినొకరు నమ్మని ఇద్దరూ అట్లా ఒప్పుకున్నారు. ఆ రోజుకు మాత్రం ఆడవాళ్లు నడిచిపోయారు.

యజమాని మళ్లీ ఎక్కి, ఆపిన టైమును తిరిగి మొదలుపెట్టాడు. రెండో స్తంభం దాటగానే బండి పక్కకు తీసి ఆపాడు. ఫోను చూశాడు. ఆగిన సమయం పోను పది నిమిషాలు దాటి కొన్ని సెకన్లు. మీటరు ఎనిమిది చూపిస్తోంది. ముల్లు ఒక్కసారి కూడా అరవై దాటలేదని మాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన పెదవులు కదులుతున్నాయి. లెక్క వేస్తున్నాడు. అడిగితే చేసి చూపించేవాణ్ణి, కానీ అడగలేదు. నేను చెప్తే నమ్మే మనిషి కాదు, తనే చేసుకోవాలి.

"అంటే," అన్నాడు చివరికి, "నేను గూడ ఇప్పుడు దొరికినట్టేనా?"

"లేదన్నా. పల్లె కాడ వాదులాడినాం గదా. స్తంభాలు అది కూడా కలుపుకుంటాయి. ఇప్పుడు మన సగటు చానా తక్కువ."

"మరి రేపటినుంచి ఆడ పాలు కొలిస్తే?"

"కొలవడానికి ఎట్లన్నా కొంచెం టైము పడతాది. మొదటి స్తంభం నుంచి పదమూడు నిమిషాలకు ముందు ఈడికి రాకుండా చూసుకుంటే చాలు. మిగిలితే టీ హోటలు ఉండనే ఉండాది."

"చలానాల మీద అర్జీ పెడితే కొట్టేస్తారా?"

"మట్టిదారి సంగతి రాసి పెట్టొచ్చు. కానీ ఎందుకు పోయినావని అడుగుతారు."

"వద్దులే. కట్టేసి ఊరుకుందాం," అన్నాడు.

దిగి, బండి ముందునుంచి చుట్టూ తిరిగి, డోరు దగ్గరికి వచ్చాడు. నేను దిగి దారి ఇచ్చాను. బామ్మర్దిని స్టీరింగు వైపు జరగమని చేత్తో చూపించాడు. అతను జరగలేదు. తాళం ఆయన తీసుకున్నాడో లేదో అతనికి ఇంకా తెలియలేదు.

"జరుగు," అన్నాడు యజమాని. "నాకు నడుము నొప్పి. గుంతలు."

బామ్మర్ది జరిగి కూర్చున్నాడు. తాళం బండికే ఉంది. ఇద్దరం మళ్లీ ఎక్కి, డోరు వేశాం. బండి కదిలింది. యజమాని ఒకసారి అతని వైపు, ఒకసారి నా వైపు చూశాడు. పల్లె మలుపు దాటినప్పటినుంచి ఆయన గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"నిజం చెప్పండి. నువ్వూ, ఈడూ, ఆ యమ్మా ముగ్గురూ ముందే మాట్లాడుకోని నన్ను ఆడికి తెచ్చినారు గదా?"

"లేదన్నా," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఇద్దరం ఒక్కసారే అన్నందుకు ఆయన అనుమానం ఇంకా పెరిగింది.